రెసిడెన్సీ సిఫారసు కోసం సీనియర్ డాక్టరును ఉత్తరంతో అడగడం ఎలా: ఉద్దానం క్యాంపుల ఉదాహరణతో

మన దేశంలో పీజీ సీటు నీట్ పీజీ ర్యాంకుతో వస్తుంది. అందులో ఎవరి సిఫారసు లేఖా అడగరు. అందుకే శ్రీకాకుళం రిమ్స్‌లోనో, రాగోలు జెమ్స్‌లోనో, నెల్లిమర్ల మిమ్స్‌లోనో హౌస్ సర్జన్సీ చేసి అమెరికా రెసిడెన్సీకి వెళ్దామనుకునే పిల్లలకు ఆ లేఖ ఎలా అడగాలో తెలియదు. చాలామంది ప్రొఫెసర్లకు రాసే అలవాటూ ఉండదు. పిల్లలు "సర్, ఎల్‌ఓఆర్ కావాలి" అని వాట్సాప్‌లో ఒక లైను పెడతారు. ప్రొఫెసర్లు "కష్టపడే స్వభావం, మంచి నడవడిక" అని నాలుగు లైన్లు రాసి సంతకం పెడతారు. చదివితే స్కూలు వదిలేటప్పుడు ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్‌లా ఉంటుంది. అమెరికాలో దాన్ని చదివే ప్రోగ్రామ్ డైరెక్టరుకు ఆ అభ్యర్థి గురించి ఏమీ తెలియదు.

ఇందులో ప్రొఫెసర్ తప్పు తక్కువ. ఏడాదికి ఎంతోమంది హౌస్ సర్జన్లు ఆ యూనిట్ మీదుగా వెళ్తారు. మీరు ఏ నెలలో ఉన్నారో, ఏ పేషెంట్ దగ్గర ఏం చేశారో ఆయనకు గుర్తుండదు. అడిగే ఉత్తరం చేయాల్సిన పని అదే: ఇద్దరూ కలిసి చేసిన పనిని ఆయన కళ్ల ముందుకు తేవడం. అది ఎలా రాయాలో ఇక్కడ ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ముందు: ఎవరిని అడగాలి

సూపరింటెండెంటునో ప్రిన్సిపాలునో అడగాలని ఇంట్లో వాళ్లు చెబుతారు. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్ల సంతకానికి బరువెక్కువని నమ్మకం. రెసిడెన్సీ విషయంలో ఇది తలకిందులు. రోజూ మీతో రౌండ్స్ చేసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ రాసిన ఒక పేజీ, మీ మొహం కూడా గుర్తుపట్టని ప్రిన్సిపాల్ రాసిన పేజీ కంటే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే ఆ లేఖలో మొదట చూసేది "ఈ డాక్టరుకు ఈ అభ్యర్థి ఎలా తెలుసు, ఎంతకాలం దగ్గరగా చూశారు" అన్నదే.

ఎవరిని అడగాలో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ డాక్టరు పక్కన ఉండగా మీరు ఏదైనా నిర్ణయం తీసుకున్న, లేదా ఏదైనా తప్పు పట్టుకున్న సందర్భాలు రెండైనా మీకు వెంటనే గుర్తొస్తాయా? రాకపోతే ఆయన ఎంత మంచివారైనా మీ గురించి రాయడానికి ఆయన దగ్గర సరుకు లేదు.

ఒక పరిమితి కూడా ఇక్కడే చెప్పాలి. మనలాగా బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ల విషయంలో అక్కడి ఆసుపత్రుల్లో పనిచేసి తెచ్చుకున్న లేఖలకే చాలా ప్రోగ్రాములు ఎక్కువ విలువిస్తాయి. ఒక్కో ప్రోగ్రాముకు నాలుగు లేఖలకు మించి పంపే వీలు లేదు. కాబట్టి మన ఊరి నుంచి వెళ్లేది సాధారణంగా ఒకటి, ఎక్కువైతే రెండు. ఆ ఒక్కటి మిగతావాటిలో లేనిది చెప్పాలి. అమెరికాలో నెలరోజులు పరిశీలకుడిగా ఉన్నప్పుడు దొరకని బాధ్యత మీకు ఇక్కడ దొరికింది. రాత్రి వార్డు మీ చేతిలో ఉంది. ఆ సంగతి చెప్పగలిగేది ఇక్కడి డాక్టరే.

గుర్తు తెచ్చుకోవడం

ఉత్తరం మొదలుపెట్టే ముందు లాగ్ బుక్, పాత డ్యూటీ చార్టులు, యూనిట్ వాట్సాప్ గ్రూపులో ఆ నెలల మెసేజీలు ముందు పెట్టుకోండి. తేదీల కోసం జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. మీరు జూన్ అని రాసి, డిపార్ట్‌మెంట్ రికార్డులో ఆగస్టు అని ఉంటే మిగతా ఉత్తరమంతా అనుమానంలో పడుతుంది.

ఈ చిత్తును తెలుగులోనే రాసుకోమని నా సలహా. పంపేది ఇంగ్లీషులోనే, అది వేరే సంగతి. ఇంగ్లీషులో మొదలుపెడితే చేతికి వచ్చేవి ఇంటర్నెట్‌లో చదివిన మాటలే. తెలుగులో అయితే "ఆ రాత్రి ఏం జరిగింది" అని ఇంట్లో అమ్మకు చెప్పినట్టు వస్తుంది, జరిగింది జరిగినట్టు వస్తుంది.

ఒక్కో సందర్భానికి నాలుగు సంగతులు రాయండి: సమస్య ఏమిటి, మీరు ఏం చేశారు, ఆ డాక్టరు ఏం చూశారు లేదా ఏమన్నారు, చివరికి ఏమైంది. మూడోదే అన్నిటికంటే ముఖ్యం, చాలామంది వదిలేసేదీ అదే. మీరు అర్ధరాత్రి ఎంత గొప్పపని చేసినా ఆ డాక్టరుకు తెలియకపోతే ఆయన దాన్ని తన లేఖలో రాయలేరు. రాస్తే అది మీ మాటే అవుతుంది, ఆయన సాక్ష్యం కాదు. అలాంటివి దరఖాస్తుతో పాటు మీరే రాసి పెట్టే వ్యక్తిగత ప్రకటనలో రాసుకోండి.

ఇప్పుడు ఉదాహరణ. ఇది నేను అల్లిన కేసు, అంకెలు కూడా ఊహించినవే. కానీ అందులోని వైద్యం నిజం, మన జిల్లాలో పనిచేసిన ఎవరికైనా తెలిసిందే.

ఒక అమ్మాయి శ్రీకాకుళంలో హౌస్ సర్జన్. జనరల్ మెడిసిన్ యూనిట్‌లో ఒక అసోసియేట్ ప్రొఫెసర్ మేడమ్ దగ్గర పనిచేసింది. మేడమ్‌తో కలిసి ఉద్దానంలో, కవిటి వైపు కిడ్నీ స్క్రీనింగ్ క్యాంపులకు వెళ్లింది. మొదటి క్యాంపులో అందరికీ మూత్రం స్ట్రిప్ పరీక్ష చేశారు. ప్రొటీన్ కనిపించినవాళ్లకు, బీపీ ఎక్కువున్నవాళ్లకు మాత్రమే రక్తంలో క్రియాటినిన్ పంపారు. ఖర్చు దృష్ట్యా అది సహజమే. కానీ ఉద్దానం జబ్బులో ఒక చిక్కుంది. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులా మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోదు. చాలామందిలో కొద్దిగానే ఉంటుంది, కొందరిలో అసలు ఉండదు. స్ట్రిప్ మామూలుగా ఉన్నా కిడ్నీ సగం పోయి ఉండొచ్చు.

ఈ అమ్మాయి రిజిస్టరు ఎక్కిస్తున్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు డయాలసిస్‌లో ఉన్నవాళ్లు చాలామంది స్ట్రిప్ మామూలుగా ఉందని ఇంటికి వెళ్లిపోతున్నారని గమనించింది. వాళ్లకూ క్రియాటినిన్ పంపుదామా అని మేడమ్‌ను అడిగింది. రెండో క్యాంపులో పంపారు. అలాంటి 31 మందిలో ఏడుగురికి ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువ వచ్చింది. ఒక్కసారి తక్కువ వచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనకూడదు, కనీసం మూడు నెలలు అలాగే ఉండాలి. అందుకని మూడు నెలల తర్వాత ఆ ఏడుగురినీ రప్పించడానికి ఫోన్లు చేసింది. ఐదుగురే వచ్చారు. నలుగురికి ఇంకా తక్కువే ఉంది.

రెండో సందర్భం వార్డులో. ఎండాకాలం రాత్రి డ్యూటీ. డయాలసిస్ ఒక వాయిదా తప్పిన పేషెంట్ నీరసంగా వచ్చాడు. ఏం తాగాడని ఇంట్లో వాళ్లను అడిగితే, "వేడి చేసిందని రెండ్రోజుల్నుంచి కొబ్బరిబొండాలే" అన్నారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, పనిచేయని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ఈ అమ్మాయి ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా ఈసీజీ తీసింది. టీ వేవ్స్ గుడారాల్లా నిలబడి ఉన్నాయి. డ్యూటీ పీజీని పిలిచింది, ఆయన చెప్పిన ప్రకారం కాల్షియం గ్లూకొనేట్ ఇచ్చారు, తర్వాత ఇన్సులిన్‌తో గ్లూకోజు, తెల్లవారక ముందే డయాలసిస్. ఉదయం రౌండ్స్‌లో మేడమ్ ఆ ఈసీజీ చూసి, ఆ కేసును యూనిట్ అందరికీ చెప్పమని ఆ అమ్మాయికే అప్పగించారు.

ఉత్తరానికి ఈ రెండు చాలు. మూడోది, నాలుగోది కలిపితే మేడమ్ అన్నీ పైపైన చదివి ఏదీ రాయరు.

ముందు మనిషిగా కలవడం

ఉత్తరం పంపేముందు ఒకసారి కలవండి. రౌండ్స్ మధ్యలో, ఓపీ రద్దీలో కాదు. ఓపీ అయ్యాక డిపార్ట్‌మెంట్‌లో టీ తాగే వేళ మేలు. బదిలీ మీద వేరే ఊరు వెళ్లినవారైతే ముందు ఫోన్‌లో టైమ్ అడగండి. అక్కడ అడగాల్సిన ప్రశ్న "రాస్తారా" అని కాదు. "నాతో చేసిన పనిని బట్టి నాకు మంచి లేఖ రాయగలనని అనిపిస్తుందా మేడమ్? కష్టమైతే పర్లేదు, చెప్పండి" అని.

మన దగ్గర పెద్దవాళ్లు ముఖం మీద కాదనరు. అందుకే జవాబు మాటల్లో కాకుండా తీరులో వెతకాలి. వెంటనే "ఏ బ్రాంచికి? ఎప్పటిలోగా?" అని అడిగితే ఒప్పుకున్నట్టు. "చూద్దాం", "తర్వాత కనపడు", "అలాంటివి హెచ్ఓడీ గారే ఇస్తారు కదా" అంటే వద్దన్నట్టే తీసుకోండి. అక్కడ బతిమాలితే లేఖ వస్తుంది, కానీ చప్పగా వస్తుంది. చప్పటి లేఖ కంటే లేకపోవడమే నయం, ఎందుకంటే అది నాలుగు చోట్లలో ఒకటి ఆక్రమిస్తుంది.

ఒప్పుకున్న రోజే ఉత్తరం మెయిల్‌లో వెళ్లాలి. నాలుగు రోజులు ఆగితే మళ్లీ గుర్తుచేయాల్సి వస్తుంది.

ఉత్తరం

మెయిల్ సబ్జెక్టులో "అభ్యర్థన" అని ఒక్క మాట పెట్టి వదిలేయకండి. మేడమ్ ఇన్‌బాక్స్‌లో వందల మెయిళ్లు ఉంటాయి. "రెసిడెన్సీ సిఫారసు లేఖ, ఆగస్టు 20లోగా: మీ యూనిట్ హౌస్ సర్జన్, ఉద్దానం క్యాంపులు" అంటే మూడు నెలల తర్వాత వెతికినా దొరుకుతుంది.

ఉత్తరం ఇలా ఉండొచ్చు:

> గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారం.
>
> ఈరోజు ఓపీ తర్వాత మీరు నాకోసం సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి ఈ సెప్టెంబరులో దరఖాస్తు చేస్తున్నాను. అందుకు మీరు సిఫారసు లేఖ రాయడానికి ఒప్పుకున్నారు. మీకు సులువుగా ఉంటుందని మనం కలిసి చేసిన పని వివరాలు కింద రాస్తున్నాను.
>
> నేను గత ఏడాది జూన్, జూలై నెలల్లో మీ యూనిట్‌లో హౌస్ సర్జన్‌గా ఉన్నాను. ఆ తర్వాత మీరు కవిటి మండలంలో పెట్టిన రెండు కిడ్నీ స్క్రీనింగ్ క్యాంపుల్లో పాల్గొన్నాను.
>
> మొదటి క్యాంపు తర్వాత రిజిస్టరు మీకు చూపిస్తూ, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉండి స్ట్రిప్ పరీక్ష మామూలుగా ఉన్నవాళ్లకు కూడా క్రియాటినిన్ పంపవచ్చా అని అడిగాను. ఉద్దానంలో ప్రొటీన్ తక్కువగా పోతుందని మీరే మాకు క్లాసులో చెప్పారు. మీరు ఒప్పుకున్నారు. రెండో క్యాంపులో అలాంటి 31 మందికి పంపితే ఏడుగురికి ఈజీఎఫ్‌ఆర్ 60 లోపు వచ్చింది. మూడు నెలల తర్వాత వాళ్లను పిలిచే పని మీరు నాకు అప్పగించారు. ఐదుగురు వచ్చారు, నలుగురికి తక్కువగానే ఉంది. రాని ఇద్దరిలో ఒకరు వలస వెళ్లారు, ఇంకొకరి ఫోన్ కలవలేదు. రిజిస్టరు డిపార్ట్‌మెంట్‌లోనే ఉంది.
>
> రెండోది, జూన్ మొదట్లో నా రాత్రి డ్యూటీలో డయాలసిస్ తప్పిన పేషెంట్ వచ్చారు. కొబ్బరినీళ్లు ఎక్కువగా తాగారని ఇంటివాళ్లు చెప్పడంతో రిపోర్టు రాకముందే ఈసీజీ తీశాను. డ్యూటీ పీజీ గారు చికిత్స మొదలుపెట్టారు. ఉదయం రౌండ్స్‌లో మీరు ఆ ఈసీజీ చూసి, కేసును యూనిట్‌కు నన్నే చెప్పమన్నారు. నా వివరణలో ఇన్సులిన్ తర్వాత షుగర్ ఎన్నిసార్లు చూడాలో చెప్పలేదని మీరు సరిదిద్దారు. తర్వాతి రోజు నుంచి ఆ చార్టు నేనే పెట్టాను.
>
> ఈ రెండిటిలో మీకు గుర్తున్నది, మీరు స్వయంగా చూసింది మాత్రమే రాయమని నా మనవి. నాలో మెరుగుపడాల్సినవి మీరు గమనిస్తే అవీ రాయవచ్చు.
>
> లేఖ ఆగస్టు 20లోగా అప్‌లోడ్ అయితే బాగుంటుంది. Letter Request Form, నా సీవీ, వ్యక్తిగత ప్రకటన జత చేశాను. లేఖను చూసే హక్కును వదులుకున్నాను కాబట్టి నాకు కాపీ పంపాల్సిన అవసరం లేదు. అప్‌లోడ్ పని మీ తరఫున డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా చేయవచ్చు.
>
> ఇప్పుడు వీలుకాదని అనిపిస్తే దయచేసి చెప్పండి, నేను ఏమీ అనుకోను.
>
> మీ విద్యార్థిని
> (పేరు, ఫోన్ నంబరు)

ఇందులో కొన్ని మాటలు ఎందుకు అలా ఉన్నాయో చెప్పాలి.

"మీరే మాకు క్లాసులో చెప్పారు" అన్నది పొగడ్త కాదు. ఆలోచన గాల్లోంచి రాలేదని, నేర్చుకున్నది సమయానికి వాడిందని అది చెబుతుంది. పైగా "నేను కనిపెట్టాను" అన్న గొప్ప అందులో లేదు. ఉద్దానంలో ప్రొటీన్ తక్కువగా పోతుందన్నది కొత్త సంగతి కాదు, ఆ జబ్బు మీద పనిచేస్తున్నవాళ్లకు తెలిసిందే. తెలిసినదాన్ని తన కనుగోలుగా రాసుకుంటే ఇంటర్వ్యూలో కిడ్నీ డాక్టరు ఎవరైనా ఉంటే ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

రాని ఇద్దరి సంగతి రాయడం చాలామందికి నచ్చదు. ఏడుగురిలో నలుగురు అని ముగిస్తే పోలేదా అంటారు. పోదు. ఐదుగురే వచ్చారని రాసినప్పుడు మేడమ్‌కు ఆ అంకెల మీద నమ్మకం కుదురుతుంది, అవి తన లేఖలోకి ధైర్యంగా తీసుకుంటారు. ఫాలోఅప్‌లో అందరూ వచ్చారంటే ఉద్దానం తెలిసిన డాక్టరు నమ్మరు.

"డ్యూటీ పీజీ గారు చికిత్స మొదలుపెట్టారు" అన్న వాక్యంలో హౌస్ సర్జన్ తన గీత తాను గీసుకుంది. కాల్షియం ఇవ్వాలన్న నిర్ణయం ఆమెది కాదు, అనుమానించి ఈసీజీ తీసింది మాత్రం ఆమే. "మేము" అని రాస్తే ఎవరు ఏం చేశారో తెలియదు, "నేను" అని మొత్తం లాక్కుంటే ఆ పీజీ మేడమ్ పక్కనే ఉంటాడు.

షుగర్ సంగతి, అంటే మేడమ్ సరిదిద్దిన విషయం, ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం అని నా అభిప్రాయం. ప్రోగ్రామ్ డైరెక్టర్లు వెతికేది ఇదే: తప్పు చెబితే ఈ మనిషి ఎలా తీసుకుంటుంది. పొరపాటు, దిద్దుబాటు, మరుసటి రోజు మార్పు ఒకే చోట ఉన్నాయి. లేనిది కల్పించొద్దు. కానీ నిజంగా జరిగి ఉంటే దాచొద్దు.

పేషెంట్ పేరు, ఊరు, ఐపీ నంబరు ఎక్కడా లేవు. ఈసీజీ ఫొటో కూడా జత చేయకండి. వాట్సాప్ గ్రూపులో ఉన్న ఫొటోల్లో చాలాసార్లు పేరు, వయసు పైన చేత్తో రాసి ఉంటాయి.

ఇంకొకటి: క్యాంపును "రీసెర్చ్" అని ఎక్కడా అనలేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, ప్రొటోకాల్ లేకుండా చేసింది సేవ, మంచి సేవే, అధ్యయనం కాదు. సీవీలో రీసెర్చ్ కింద వేసి, మేడమ్ లేఖలో క్యాంపు అని ఉంటే రెండూ పొసగవు.

జత చేసే పేజీ

సీవీతో పాటు ఒక అరపేజీ నోట్ పెడితే మేలు. అందులో రెండు సంగతులు చాలు. ఒకటి, ఉద్దానం అంటే ఏమిటో రెండు వాక్యాలు: శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల తీర ప్రాంతమని, కారణం ఇంకా పూర్తిగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అక్కడ ఎక్కువని. మనకు ఆ పేరు చెబితే చాలు. మిచిగన్‌లో చదివేవాళ్లకు అది ఒక అర్థంకాని పదం, మేడమ్‌కు అది విడమర్చి చెప్పాలన్న ఆలోచన రాకపోవచ్చు. రెండోది, మీరు ఏ బ్రాంచికి పెడుతున్నారు అన్నది. ఇంటర్నల్ మెడిసిన్‌కు, ఫ్యామిలీ మెడిసిన్‌కు రెండిటికీ పెడితే ఆ మాట చెప్పండి. లేఖలో "ఇంటర్నల్ మెడిసిన్‌కు సరిపోతుంది" అని రాస్తే దాన్ని ఇంకో బ్రాంచికి పంపడం ఎబ్బెట్టుగా ఉంటుంది. రెండు వేర్వేరు లేఖలు కావాలంటే రెండు వేర్వేరు అభ్యర్థనలు తయారుచేయాలి.

ఫారం, అప్‌లోడ్

ఇక్కడే మన ఊళ్లలో ఎక్కువమంది ఇరుక్కుంటారు. లేఖ మీ చేతికి ఇచ్చి "నువ్వే పెట్టుకో" అంటారు. కుదరదు. అభ్యర్థి స్వయంగా లేఖ అప్‌లోడ్ చేసే వీలు లేదు. అమెరికా రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు MyERASలో మీరు లేఖ రాసేవారి పేరు, హోదా నింపితే Letter Request Form వస్తుంది, దాని మీద Letter ID ఉంటుంది. ఆ నంబరుతో డాక్టరు గానీ, ఆయన నియమించిన మనిషి గానీ అప్‌లోడ్ చేయాలి. డిపార్ట్‌మెంట్ క్లర్కు చేయొచ్చు, పీజీ చేయొచ్చు. మీరు మాత్రం ఆ మనిషి కాకూడదు.

ఫారం ఖాయం చేసేముందు పేరు స్పెల్లింగు, హోదా రెండుసార్లు చూడండి. ఒకసారి ఖాయం చేశాక ఆ వివరాలు మార్చలేరు. లేఖను చూసే హక్కును వదులుకుంటున్నారా అని కూడా అక్కడే అడుగుతుంది. వదులుకోండి. వదులుకోలేదని ప్రోగ్రాములకు తెలుస్తుంది, అప్పుడు డాక్టరు మొహమాటంతో రాశారని అనుకుంటారు.

లేఖ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, సంతకంతో, తేదీతో ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒక్కో డాక్టరుకు విడిగా లెటర్‌హెడ్ ఉండదు, డిపార్ట్‌మెంట్‌ది వాడమని మనవి చేయండి. బదిలీ అయిన డాక్టరైతే ఇప్పటి ఆసుపత్రి లెటర్‌హెడ్ మీదే రాయాలి, లోపల "అప్పుడు శ్రీకాకుళంలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు" అని చెబితే సరిపోతుంది. పీడీఎఫ్ మాత్రమే, పాస్‌వర్డ్ పెట్టకూడదు. మన ప్రింటర్లన్నీ ఏ4 కాగితానికి అమర్చి ఉంటాయి, అక్కడ కావాల్సింది వాళ్ల లెటర్ సైజు, ఎనిమిదిన్నర అంగుళాలు బై పదకొండు. అప్‌లోడ్ చేసే మనిషికి ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే, చివరి రోజున ఫైల్ తీసుకోలేదని ఫోన్ వస్తుంది.

"నువ్వే రాసి పట్రా, సంతకం పెడతాను"

పది మందిలో సగానికి పైగా ఈ మాట వింటారని సీనియర్లు నవ్వుతూ చెబుతుంటారు. చెప్పేవారి ఉద్దేశం చెడ్డది కాదు, తీరిక లేదు. కానీ మీరు రాసిన లేఖ మీరే అప్‌లోడ్ చేయించి, "నేను చూడలేదు" అని హక్కు వదులుకున్నట్టు ఫారంలో పెట్టడం అబద్ధమవుతుంది. పట్టుబడే తీరు కూడా సులువే. మీ వ్యక్తిగత ప్రకటనలో ఉన్న వాక్యపు తీరు, అదే విశేషణాలు లేఖలోనూ ఉంటాయి. ఒకే కాలేజీ నుంచి వచ్చిన ముగ్గురి లేఖల్లో ఒకే పేరా కనిపిస్తే చదివేవాళ్లకు ఇంకేం చెప్పాలి.

కాదని ఎదురు చెప్పకుండా తప్పుకునే దారి ఉంది. "మేడమ్, ఫారంలో నేను చూడనని సంతకం పెట్టాను, అందుకని రాయలేను. కానీ మీకు కావాల్సిన వివరాలన్నీ ఒక పేజీలో పెట్టి తెస్తాను. మీరు నోటితో చెబితే డ్యూటీలో ఉన్న పీజీ ఎవరైనా టైప్ చేస్తారు" అనండి. పది నిమిషాలు మాట్లాడితే చాలు, ఒక పేజీ తయారవుతుంది. పైన రాసిన ఉత్తరం, అరపేజీ నోట్ ఆ వివరాల పేజీయే. అందులో "అద్భుతమైన", "అసాధారణమైన" లాంటి మాటలు ఎందుకు లేవో ఇప్పుడు తెలుస్తుంది: తీర్పు ఆవిడది, సంగతులు మాత్రమే మీవి. అంత చెప్పినా "వద్దులే, నువ్వే రాయి" అంటే ఇంకొకరిని చూసుకోవడమే మార్గం.

గుర్తుచేయడం

దరఖాస్తులు సెప్టెంబరు మొదట్లో పంపుతారు, ఆ నెలాఖరు నుంచి ప్రోగ్రాములు చదవడం మొదలుపెడతాయి. లేఖ అప్‌లోడ్ అయ్యాక కూడా మీ దగ్గర కనిపించడానికి కొన్ని పనిదినాలు పడుతుంది. అందుకే గడువు ఆగస్టు 20 అని చెప్పి, మనసులో 31 అనుకోండి. జూన్‌లో కలిస్తే రెండు నెలలుంటాయి. వర్షాకాలంలో డెంగీ, మలేరియా కేసులతో మెడిసిన్ వార్డు నిండిపోతుందని మరిచిపోకండి, జూలైలో అడిగితే పని కొండలా ఉంటుంది.

రెండు వారాల ముందు ఒకసారి, అప్పటికీ కనిపించకపోతే నాలుగు రోజుల ముందు ఒకసారి గుర్తుచేయండి. ప్రతిసారీ పాత మెయిలుకే జవాబుగా పంపండి, ఫారం మళ్లీ జత చేయండి, వాళ్లు వెతుక్కోకూడదు. వాట్సాప్‌లో "మేడమ్, మెయిల్ పంపాను, ఫారం అందులోనే ఉంది" అని ఒక లైను చాలు. నమస్కారం గుర్తు పెట్టి పదిసార్లు పంపే అలవాటు మానుకోండి. రెండోసారీ కదలిక లేకపోతే మేడమ్‌ను కాదు, అప్‌లోడ్ చేయాల్సిన క్లర్కునో పీజీనో కనుక్కోండి. చాలాసార్లు లేఖ రాసి సంతకం పెట్టి టేబుల్ సొరుగులో ఉంటుంది, స్కాన్ చేసే మనిషి సెలవులో ఉంటాడు.

లేఖ చేరినట్టు MyERASలో కనిపించగానే పని అయిపోలేదు. దాన్ని ఒక్కో ప్రోగ్రాముకు మీరే కేటాయించాలి. లేఖ వచ్చి ఉండి, ఎవరికీ కేటాయించకుండా వదిలేసినవాళ్లు ఉన్నారు. కేటాయించిన రోజే మేడమ్‌కు కృతజ్ఞతలు చెబుతూ రెండు లైన్లు రాయండి. మార్చి మూడో వారంలో మ్యాచ్ ఫలితం వచ్చాక, సీటు వచ్చినా రాకపోయినా, ఆ సంగతి ఫోన్ చేసి చెప్పండి.